మార్కెట్ ఒడిదుడుకుల సూచీ: ఇండియా విక్స్ దేనిని కొలుస్తుంది, దానిని ఎలా చదవాలి

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 ప్రస్తావన
12.2 సూచీ దేనిని కొలుస్తుంది?
12.3 సూచీని ఎలా లెక్కిస్తారు?
12.4 వార్షిక సంఖ్యను నెలకు, రోజుకు మార్చడం
12.5 ఉదాహరణ: 2024 జూన్ ఎన్నికల ఫలితాలు
12.6 "భయసూచీ" అనే పేరు ఎంతవరకు సరైనది?
12.7 మదుపరి దీనిని ఎలా ఉపయోగించుకోవాలి?
12.8 సారాంశం
12.9 కీలక పదాలు
12.10 నమూనా ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇండియా విక్స్ అనే సంఖ్య దేనిని తెలుపుతుందో, దేనిని తెలపదో వివరించగలుగుతారు.
• ఆ సంఖ్య నుంచి నెలకు, రోజుకు అంచనా కదలికను లెక్కించగలుగుతారు.
• ముందే తేదీ తెలిసిన సంఘటనకు ముందు సూచీ ఎందుకు పెరుగుతుందో, తరువాత ఎందుకు పడిపోతుందో చెప్పగలుగుతారు.
• సూచీని చూసి సాధారణంగా చేసే పొరపాటు అన్వయాలను గుర్తించగలుగుతారు.

12.1 ప్రస్తావన

స్టాక్ మార్కెట్ బాగా పడిన రోజున దినపత్రికల వాణిజ్య పుటలో "భయసూచీ ఎగసింది" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. దాని పక్కనే 20.94, 26.75 వంటి ఒక సంఖ్య ఉంటుంది. అది రూపాయల్లో ఉన్నదా, పాయింట్లలో ఉన్నదా, శాతంలో ఉన్నదా అన్నది వార్తలో సాధారణంగా రాయరు. చదివినవారు ఆ సంఖ్యను వదిలి "భయం" అనే మాటను మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. ఆ మాటను పట్టుకుని మదుపు సొమ్మును వెనక్కి తీసుకునేవారు, ఆప్షన్లు కొనేవారు కూడా ఉన్నారు.

ఒడిదుడుకుల సూచీని మొదట 1993లో అమెరికాలోని షికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్ ప్రవేశపెట్టింది. దానిని రూపొందించినవారు ప్రొఫెసర్ రాబర్ట్ వేలీ. 2003లో ఆ ఎక్స్ఛేంజ్ లెక్కింపు పద్ధతిని మార్చింది. ఆ కొత్త పద్ధతినే మన పరిస్థితులకు తగినట్టు సవరించుకుని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2008లో ఇండియా విక్స్‌ను ప్రారంభించింది. ఈ భాగంలో మనం ఇండియా విక్స్‌నే తీసుకుని, 2024 జూన్ మొదటి వారంలో అది కదిలిన తీరును ఉదాహరణగా పరిశీలిద్దాం.

12.2 సూచీ దేనిని కొలుస్తుంది?

నిఫ్టీ సూచీ యాభై పెద్ద కంపెనీల షేర్ల ధరల నుంచి వస్తుంది. ఇండియా విక్స్ షేర్ల ధరల నుంచి రాదు. నిఫ్టీ మీద జరిగే ఆప్షన్ల వ్యాపారంలో పలికే ప్రీమియంల నుంచి వస్తుంది. ఈ తేడా అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఈరోజు పత్తి క్వింటాలు 7,000 రూపాయలు పలుకుతున్నది అనుకుందాం. ఒక రైతు తన పత్తిని నెల తరువాత అమ్మాలనుకుంటున్నాడు. అప్పటికి ధర పడిపోతుందేమోనని ఒక ఖరీదుదారుతో ఇలా ఒప్పందం చేసుకున్నాడు: "నెల తరువాత నేను కోరితే క్వింటాలు 6,800కు నువ్వు కొనాలి. అంతకంటే ఎక్కువ ధర ఉంటే నేను బయట అమ్ముకుంటాను. ఈ హక్కు కోసం ఇప్పుడు క్వింటాలుకు 100 రూపాయలు ఇస్తాను." ఆప్షన్ల భాషలో 6,800 స్ట్రైక్ ధర. 100 రూపాయలు ప్రీమియం. అమ్ముకునే హక్కు కాబట్టి ఇది పుట్ ఆప్షన్. కొనుక్కునే హక్కు అయితే దానిని కాల్ ఆప్షన్ అంటారు.

మరునాడు, ఇంకో పదిహేను రోజుల్లో పత్తి దిగుమతి సుంకం మీద నిర్ణయం వెలువడుతుందని తెలిసింది. నిర్ణయం ఎటు ఉంటుందో ఎవరికీ తెలియదు. యార్డులో పత్తి ధర 7,000 దగ్గరే ఉంది. అయినా అదే హక్కు కావాలని రెండో రైతు వస్తే ఖరీదుదారు ఇప్పుడు 250 అడుగుతాడు. పత్తి ధర మారలేదు. మున్ముందు ఆ ధర ఎంత దూరం కదలవచ్చు అన్న అంచనా మారింది. ఆ మార్పు హక్కు ధరలో కనిపించింది.

ఇండియా విక్స్ కొలిచేది సరిగ్గా దీనినే. నిఫ్టీ మీద ఇటువంటి హక్కుల కోసం మార్కెట్ ఎంత చెల్లిస్తున్నదో చూసి, "ఇంత ప్రీమియం ఇస్తున్నారంటే రాబోయే 30 రోజుల్లో నిఫ్టీ ఎంత కదులుతుందని లెక్కవేసుకుని ఉండాలి" అని వెనక్కి నడిచి కనుక్కునే సంఖ్య అది. అందువల్ల మూడు విషయాలు మొదటే గుర్తుంచుకోవాలి. ఒకటి, సూచీ జరిగిపోయిన ఒడిదుడుకులను కొలవదు, ముందున్న వాటి అంచనాను కొలుస్తుంది. రెండు, అది కదలిక పరిమాణాన్ని చెబుతుంది, దిశను చెప్పదు. మూడు, అది శాస్త్రజ్ఞుడి జోస్యం కాదు, కొనేవారు, అమ్మేవారు కలిసి కుదుర్చుకున్న ధర. ధరలో అంచనాతో పాటు ఆత్రుత, అవసరం, లాభాపేక్ష కూడా కలిసి ఉంటాయి.

12.3 సూచీని ఎలా లెక్కిస్తారు?

పూర్తి లెక్కను ఎక్స్ఛేంజ్ కంప్యూటర్లు వ్యాపార సమయంలో ఎప్పటికప్పుడు చేస్తూనే ఉంటాయి. దానిని చేతితో చేయవలసిన అవసరం మీకు లేదు. అయితే అందులోని మెట్లు తెలిస్తే సూచీ ఎందుకు అలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది.

మొదటి మెట్టు, ఆప్షన్లను ఎంచుకోవడం. ప్రస్తుత నెలలో ముగిసే నిఫ్టీ ఆప్షన్లు, తరువాతి నెలలో ముగిసేవి, ఈ రెండు వరుసలను తీసుకుంటారు. ఒక్కొక్క వరుసలో నిఫ్టీ ఫ్యూచర్స్ ధరకు కింద ఉన్న స్ట్రైక్ ధరల్లో పుట్‌లను, పైన ఉన్న స్ట్రైక్ ధరల్లో కాల్‌లను లెక్కలోకి తీసుకుంటారు. అంటే నిఫ్టీ ఇప్పుడున్న స్థానం నుంచి బాగా కదిలితే తప్ప పనికిరాని హక్కులనే ఎంచుకుంటారు. అటువంటి హక్కుకు ఎవరైనా డబ్బు ఇస్తున్నారంటే కదలికను ఆశిస్తున్నారనో, దానికి భయపడుతున్నారనో అర్థం.

రెండో మెట్టు, ప్రతి ఆప్షన్‌కు ఒక ధర నిర్ణయించడం. చివరగా జరిగిన వ్యాపారం ధరను కాక, కొనేవారు ఇస్తామన్న అత్యధిక ధరకు, అమ్మేవారు అడుగుతున్న అత్యల్ప ధరకు మధ్య సగటును తీసుకుంటారు. ఆ రెండింటి మధ్య ఎడం మరీ ఎక్కువగా ఉంటే ఆ కొటేషన్‌ను పక్కనపెట్టి, చుట్టుపక్కల స్ట్రైక్‌ల నుంచి గణిత పద్ధతిలో ఒక విలువను పూరిస్తారు.

మూడో మెట్టు, అన్నింటినీ కలపడం. ప్రతి వరుసకు ఈ సూత్రం వర్తిస్తుంది:

```
σ² = (2/T) Σ (ΔK/K²) e^(RT) Q(K) − (1/T) (F/K0 − 1)²
```

ఇక్కడ Q(K) అంటే K స్ట్రైక్ ధర ఉన్న ఆప్షన్ ప్రీమియం. ΔK పక్కపక్క స్ట్రైక్‌ల మధ్య దూరం. T గడువుకు మిగిలిన కాలం, సంవత్సరాల్లో. R వడ్డీ రేటు. F ఫ్యూచర్స్ ధర. K0 దానికి వెంటనే కింద ఉన్న స్ట్రైక్ ధర. సూత్రంలో గమనించవలసింది ఒక్కటే: ప్రీమియం పెరిగితే σ² పెరుగుతుంది. ప్రతి ప్రీమియాన్ని స్ట్రైక్ ధర వర్గంతో భాగిస్తున్నాం కాబట్టి, తక్కువ స్ట్రైక్‌లకు, అంటే పుట్‌లకు, కొంచెం ఎక్కువ బరువు వస్తుంది.

నాలుగో మెట్టులో రెండు వరుసల నుంచి వచ్చిన విస్తృతులను కలిపి సరిగ్గా 30 రోజులకు సర్దుతారు. దాని వర్గమూలాన్ని 100తో గుణిస్తే ఇండియా విక్స్ వస్తుంది. కాబట్టి అది పాయింట్లు కాదు. అది వార్షిక ప్రాతిపదికన చెప్పిన శాతం. గణాంకశాస్త్రంలో మీరు చదివిన క్రమవిచలనమే ఇది.

12.4 వార్షిక సంఖ్యను నెలకు, రోజుకు మార్చడం

వార్షిక శాతాన్ని నెలకు మార్చడానికి చాలామంది 12తో భాగిస్తారు. అది తప్పు. కాలంతో పాటు సమానుపాతంలో పెరిగేది విస్తృతి, క్రమవిచలనం కాదు. రోజువారీ కదలికలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉండి కొంతవరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుచేత పన్నెండు నెలల క్రమవిచలనం ఒక నెల క్రమవిచలనానికి పన్నెండు రెట్లు ఉండదు, 12 వర్గమూలం రెట్లు, అంటే సుమారు 3.46 రెట్లు ఉంటుంది. సంవత్సరంలో సుమారు 252 వ్యాపార దినాలు ఉంటాయి. దాని వర్గమూలం 15.87.

```
నెల కదలిక (%) = ఇండియా విక్స్ ÷ 3.46
రోజు కదలిక (%) = ఇండియా విక్స్ ÷ 15.87
```

ఉదాహరణకు సూచీ 14 వద్ద ఉంటే నెలకు సుమారు 4.0 శాతం, రోజుకు సుమారు 0.9 శాతం. దీని అర్థం "నిఫ్టీ నెలలో 4 శాతం కదులుతుంది" అని కాదు. మార్పులు సాధారణ విభాజనాన్ని పాటిస్తే, నెల చివర నిఫ్టీ ఇప్పటి స్థాయికి 4 శాతం పైన, 4 శాతం కింద ఉన్న హద్దుల లోపల ఉండే అవకాశం సుమారు 68 శాతం అని అర్థం. మిగిలిన 32 శాతం హద్దులు దాటే అవకాశమే. మూడు నెలల్లో ఒకసారి హద్దు దాటినా సూచీ తప్పినట్టు కాదు. పైగా షేర్ల మార్కెట్‌లో చాలా పెద్ద కదలికలు సాధారణ విభాజనం చెప్పేదానికంటే ఎక్కువసార్లు వస్తాయి. కాబట్టి ఈ హద్దులను కొలబద్దగా చూడాలి, కంచెగా చూడకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

నిఫ్టీ 25,000 వద్ద, ఇండియా విక్స్ 16 వద్ద ఉన్నాయనుకోండి. నెలకు, రోజుకు అంచనా కదలికను పాయింట్లలో కనుక్కోండి.

జవాబు: నెలకు 16 ÷ 3.46 = 4.62 శాతం, అంటే సుమారు 1,155 పాయింట్లు. రోజుకు 16 ÷ 15.87 = 1.01 శాతం, అంటే సుమారు 252 పాయింట్లు.

12.5 ఉదాహరణ: 2024 జూన్ ఎన్నికల ఫలితాలు

2024 ఏప్రిల్ చివరి వారంలో ఇండియా విక్స్ 10 దరిదాపులకు దిగివచ్చింది. అప్పటికే లోక్‌సభ ఎన్నికల పోలింగ్ మొదలైంది. ఓట్ల లెక్కింపు తేదీ జూన్ 4 అని అందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను పోలింగ్ జరిగిన మే 13 నాటికి సూచీ 20 దాటింది. మే 31 శుక్రవారం ముగింపు 24.60. ఐదు వారాల్లో సూచీ రెండింతలు దాటినా, ఆ కాలంలో నిఫ్టీ కుప్పకూలలేదు. మే 31న అది 22,530.70 వద్ద ముగిసింది.

మరి సూచీ ఎందుకు పెరిగింది? ఇండియా విక్స్ కిటికీ ఎప్పుడూ 30 రోజుల వెడల్పు ఉంటుంది. ఏప్రిల్ నెలలో చాలా రోజులు జూన్ 4 ఆ కిటికీకి అవతల ఉంది. మే మొదటి వారంలో అది కిటికీలోకి వచ్చింది. గడువు దగ్గరపడేకొద్దీ రక్షణ కొనుక్కునేవారు పెరిగారు.

జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వెలువడ్డాయి. అధికార కూటమికి భారీ ఆధిక్యం వస్తుందని అవి చెప్పాయి. సోమవారం, జూన్ 3న, నిఫ్టీ 3.25 శాతం పెరిగి 23,263.90 వద్ద ముగిసింది. ఇండియా విక్స్ 20.94కు తగ్గింది. ఇక్కడ ఆగి ఆ సంఖ్యను చదువుదాం.

పై సూత్రం ప్రకారం రోజువారీ కదలిక 20.94 ÷ 15.87 = 1.32 శాతం. మరునాడు, జూన్ 4న, నిఫ్టీ 1,379 పాయింట్లు, అంటే 5.93 శాతం పడిపోయి 21,884.50 వద్ద ముగిసింది. అంచనాకు నాలుగున్నర రెట్లు! సూచీ పూర్తిగా విఫలమైందని ఆ రోజు చాలామంది అనుకున్నారు. కాని ఆ నిర్ధారణ తొందరపాటు. మనం 30 రోజుల సగటును ఒక అసాధారణమైన రోజుకు అన్వయించాం. నెల పొడవునా కూలి సమానంగా పంచి లెక్కవేసి, పండుగ రోజు ఖర్చు అందులో ఇమడలేదని ఆశ్చర్యపడినట్టు ఉంటుంది అది.

సరైన పద్ధతి విస్తృతిని పంచి చూడటం. జూన్ 3న నెల విస్తృతి ఎంత? 20.94 వర్గం 438.5. దానిని 12తో భాగిస్తే 36.5. ఇది 21 వ్యాపార దినాలకు మార్కెట్ కేటాయించిన మొత్తం. ఎన్నికల ఫలితం లేని మామూలు రోజుల్లో సూచీ 14 ఉంటుందని అనుకుందాం. అప్పుడు మామూలు రోజు కదలిక 0.88 శాతం, దాని వర్గం 0.78. అటువంటి రోజులు 20 ఉంటే 15.6. మొత్తం 36.5 నుంచి 15.6 తీసివేస్తే 20.9 మిగులుతుంది. ఆ మిగిలినది అంతా జూన్ 4 ఒక్కరోజుది. దాని వర్గమూలం సుమారు 4.6.

అంటే జూన్ 3 సాయంత్రం ఆప్షన్ల మార్కెట్ మరునాటికి లెక్కవేసుకున్న కదలిక 1.3 శాతం కాదు, సుమారు 4.6 శాతం. మామూలు రోజుల సూచీని 14కు బదులు 16 అనుకున్నా జవాబు 4 శాతం వస్తుంది. జరిగినది 5.93 శాతం. పెద్దదే, కాని ఆప్షన్ల మార్కెట్ ఊహకు అందనిది కాదు. ఎగ్జిట్ పోల్స్ చదివి నిశ్చింతగా ఉన్నవారికీ, సూచీని ఈ విధంగా చదివినవారికీ ఆ రాత్రి ఉన్న తేడా ఇదే. దిశ ఇద్దరికీ తెలియదు. రెండోవారికి పరిమాణం తెలుసు.

సాధారణంగా తేదీ తెలిసిన సంఘటన ముగియగానే ఆ ఒక్కరోజు భాగం కిటికీ నుంచి బయటకు పోతుంది కాబట్టి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా సూచీ పడిపోతుంది. జూన్ 4న అలా జరగలేదు. సూచీ 26.75కు పెరిగింది. కారణం, ఫలితమే కొత్త ప్రశ్నను తెచ్చింది. భారతీయ జనతా పార్టీకి 240 స్థానాలు వచ్చాయి. సొంతంగా ఆధిక్యానికి 272 కావాలి. ప్రభుత్వం నిలవాలంటే 16 స్థానాలు గెలిచిన తెలుగుదేశం, 12 గెలిచిన జనతాదళ్ (యునైటెడ్) మద్దతు తప్పనిసరి అయింది. ఆ మద్దతు ఉంటుందా లేదా అన్నది ఆ రోజు ముగిసే సమయానికి తేలలేదు. జూన్ 5న ఢిల్లీలో కూటమి సమావేశం జరిగింది, మద్దతు స్పష్టమైంది. ఆ రోజు నిఫ్టీ 22,620.35కు కోలుకుంది. సూచీ 19 లోపుకు దిగింది. ఫలితాల ముందు నాటి స్థాయికి నిఫ్టీ ఇంకా చేరలేదు, కాని సూచీ అప్పటికే ఫలితాల ముందు నాటి కంటే కిందికి వచ్చింది. సూచీ కొలిచేది ధరను కాదు, తేలని ప్రశ్నలను అన్న విషయం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు 30 రోజుల లెక్కను సరిచూద్దాం. జూన్ 3 సంఖ్య 20.94 ప్రకారం నెలకు 6.04 శాతం, అంటే 23,264కు సుమారు 1,405 పాయింట్లు పైన, కింద. జులై 3న నిఫ్టీ 24,286 వద్ద ముగిసింది. పెరుగుదల 4.4 శాతం, హద్దుల లోపలే. జూన్ 4 సంఖ్య 26.75 ప్రకారం నెలకు 7.7 శాతం. ఆ లెక్కన హద్దులు సుమారు 20,195 నుంచి 23,575 వరకు. జులై 4న నిఫ్టీ 24,300 దరిదాపుల్లో ముగిసింది. ఈసారి హద్దు దాటింది, అయితే కిందికి కాదు, పైకి. భయం తారస్థాయిలో ఉందన్న రోజు నుంచి నిఫ్టీ నెలలో 11 శాతం పెరిగింది.

12.6 "భయసూచీ" అనే పేరు ఎంతవరకు సరైనది?

సూచీకి దిశ తెలియదని చెప్పుకున్నాం. అయినా చాలా రోజుల్లో నిఫ్టీ పడితే సూచీ పెరుగుతుంది, నిఫ్టీ పెరిగితే సూచీ తగ్గుతుంది. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, మార్కెట్లు ఎక్కేటప్పుడు మెట్టు మెట్టుగా ఎక్కి, దిగేటప్పుడు జారిపడతాయి. పతనంలో రోజువారీ కదలికలు పెద్దవవుతాయి కాబట్టి మున్ముందు అంచనా కూడా పెరుగుతుంది. రెండోది, షేర్లు చేతిలో ఉన్న పెద్ద సంస్థలు పతనం మొదలవగానే పుట్‌లను కొనడానికి ముందుకు వస్తాయి. పుట్‌ల ప్రీమియం పెరుగుతుంది. సూత్రంలో వాటికి బరువు ఎక్కువ అని చూశాం. ఈ రెండు కారణాల వల్ల "భయసూచీ" అనే పేరు స్థిరపడింది.

కాని పెద్ద కదలిక అంటే పతనమే కాదు. 2009 లోక్‌సభ ఫలితాల తరువాత మే 18న నిఫ్టీ ఒక్కరోజులో 17.7 శాతం పెరిగింది. వ్యాపారాన్ని నిలిపివేయవలసి వచ్చింది. కదలిక పరిమాణం దృష్ట్యా అది ఏ పతనానికీ తీసిపోదు.

పేరు వల్ల కలిగే మరో అపోహ, సూచీ ముందుగా హెచ్చరిస్తుందని. 2019 డిసెంబరు చివర ఇండియా విక్స్ 12 దరిదాపుల్లో ఉంది. రాబోయే కోవిడ్ సంక్షోభం ఆప్షన్ల ధరల్లో అప్పుడు లేదు, ఎందుకంటే అది కొనేవారికీ అమ్మేవారికీ తెలియదు. 2020 మార్చి 23న నిఫ్టీ 13 శాతం పడి 7,610.25 వద్ద ముగిసింది. సూచీ 80 దాటినది మరునాడు, మార్చి 24న. ముగింపు ధరల్లో చూస్తే నిఫ్టీ అట్టడుగు అప్పటికే వచ్చేసింది. తేదీ తెలిసిన సంఘటనల విషయంలో సూచీ ముందుగా పెరుగుతుంది. తేదీ తెలియని విపత్తు విషయంలో అది మార్కెట్‌తో పాటుగానో, వెనుకగానో పరుగెత్తుతుంది.

కాబట్టి తక్కువ సూచీని భద్రతగా చదవకూడదు. సూచీ 11 అంటే ప్రమాదం లేదని కాదు, రక్షణ చవకగా దొరుకుతున్నదని మాత్రమే.

12.7 మదుపరి దీనిని ఎలా ఉపయోగించుకోవాలి?

ముందుగా నిఫ్టీ ఫండ్‌లో పొదుపు చేసుకునే కుటుంబాన్ని తీసుకుందాం. హనుమకొండలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి అటువంటి ఫండ్‌లో 5 లక్షల రూపాయలు ఉన్నాయి అనుకోండి. 2024 జూన్ 3న ఆమె సూచీని రూపాయల్లోకి మార్చుకుంటే నెలకు 6.04 శాతం, అంటే సుమారు 30,000 అటు ఇటు. ఇప్పుడు ఆమె వేసుకోవలసిన ప్రశ్న "మార్కెట్ పడుతుందా?" అన్నది కాదు. దానికి సూచీ జవాబు చెప్పదు. "ఈ నెలలో 30,000 తగ్గితే, ఇంకా చెడు జరిగి దానికి రెండింతలు తగ్గితే నా అవసరాలు ఆగిపోతాయా?" అన్నది ఆమె ప్రశ్న. వచ్చే నెలలో కూతురి పెళ్లికి ఆ సొమ్ము కావలసి ఉంటే, అది షేర్లలో ఉండకూడదని ఈ లెక్క చెబుతుంది. పదేళ్ల తరువాతి అవసరమైతే నెల కదలిక ఆమె నిర్ణయాన్ని మార్చవలసిన పని లేదు. జూన్ 4న ఆమె సొమ్ము కాగితం మీద 4,70,000 అయి ఉండేది. ఆ రోజు భయపడి అమ్మినా, ఉంచినా, ఆ నిర్ణయానికి ఆధారం అవసరం తేదీ కావాలి, పత్రికలోని సూచీ కాకూడదు.

రెండోది ఆప్షన్లు కొనేవారి విషయం. ఇక్కడ సూచీని పట్టించుకోకపోతే నేరుగా నష్టం వస్తుంది. నిఫ్టీ ప్రస్తుత స్థాయికి సమానమైన స్ట్రైక్ ఉన్న నెల ఆప్షన్ ప్రీమియాన్ని సుమారుగా లెక్కించే సులభ పద్ధతి ఒకటి ఉంది: నిఫ్టీ స్థాయిని నెల కదలికతో గుణించి, దానిని 0.4తో గుణించాలి. సూచీ 20.94 ఉన్నప్పుడు 23,264 × 0.0604 × 0.4 = సుమారు 562 పాయింట్లు. సంఘటన ముగిసి సూచీ 14కు వస్తే, నిఫ్టీ కదలకుండా అక్కడే ఉన్నా, అదే ఆప్షన్ విలువ 23,264 × 0.0404 × 0.4 = సుమారు 376. అంటే కొన్న ధరలో మూడో వంతు కేవలం అనిశ్చితి తొలగిపోవడం వల్లే ఆవిరి అవుతుంది. దిశను సరిగా ఊహించి కాల్ కొన్నవారు కూడా, నిఫ్టీ కొద్దిగా మాత్రమే పెరిగితే, నష్టపోవడానికి కారణం ఇదే. సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో వ్యాపారం చేసిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆ నష్టాలకు కారణాలు అనేకం. సంఘటనకు ముందు ఖరీదైన ప్రీమియం చెల్లించడం అటువంటి కారణాల్లో ఒకటి.

ప్రీమియం ఖరీదు అనడానికి ఇంకో కారణం ఉంది. సగటున చూస్తే ఆప్షన్ల ధరల్లో ఇమిడిన కదలిక, తరువాత నిజంగా జరిగిన కదలిక కంటే కొంత ఎక్కువగా ఉంటుంది. బీమా కంపెనీ వసూలు చేసే ప్రీమియం, చెల్లించే పరిహారం కంటే సగటున ఎక్కువగా ఉన్నట్టే ఇదీ. ప్రమాదాన్ని నెత్తిన వేసుకునేవాడు ఊరికే వేసుకోడు. అందుచేత సూచీ చూపిన సంఖ్యను కొంచెం పైకి వాలిన అంచనాగా చదవడం మంచిది. అయితే ఎప్పుడో ఒకసారి అసలు కదలిక ఆ అంచనాను ఎన్నో రెట్లు మించిపోతుంది. ఆప్షన్లను అమ్మి నెలనెలా ప్రీమియం సంపాదించేవారు ఏళ్ల సంపాదనను పోగొట్టుకునేది ఆ రోజునే.

చివరగా, వార్తల్లోని శాతాల గురించి. "భయసూచీ 20 శాతం ఎగసింది" అన్నప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగాలి. 10 నుంచి 12కు పెరిగినా అది 20 శాతమే. రోజువారీ అంచనా కదలిక 0.63 నుంచి 0.76 శాతానికి మారింది, అంతే. 25 నుంచి 30కి పెరిగితే అదే 20 శాతం 1.58 నుంచి 1.89కు మార్పు. శాతంలో చెప్పిన మార్పును మళ్లీ శాతంగా చెప్పడం వల్ల ఈ గందరగోళం వస్తుంది. ముందు స్థాయిని చూడాలి, తరువాత దానిని రోజుకో నెలకో మార్చుకోవాలి, ఆ 30 రోజుల్లో తేదీ తెలిసిన సంఘటన ఏదైనా ఉందేమో చూసుకోవాలి. బడ్జెట్, ఎన్నికల ఫలితం, రిజర్వ్ బ్యాంకు విధాన సమీక్ష వంటివి ఉంటే సగటును రోజులకు సమానంగా పంచకూడదు.

12.8 సారాంశం

ఇండియా విక్స్ నిఫ్టీ ఆప్షన్ల ప్రీమియంల నుంచి రాబట్టిన, రాబోయే 30 రోజుల కదలిక అంచనా. అది వార్షిక శాతంగా ఉంటుంది. నెలకు 3.46తో, రోజుకు 15.87తో భాగించాలి. వచ్చిన హద్దుల లోపల ఉండే అవకాశం సుమారు 68 శాతం మాత్రమే. తేదీ తెలిసిన సంఘటన 30 రోజుల కిటికీలోకి రాగానే సూచీ పెరుగుతుంది. ప్రశ్న తేలిపోగానే, జవాబు ఏదైనా, పడిపోతుంది. 2024 జూన్ 3 సంఖ్యలో మరుసటి రోజు కోసం 4 నుంచి 4.6 శాతం వరకు కదలిక ఇమిడి ఉంది. సూచీ దిశను చెప్పదు, ఎవరికీ తెలియని విపత్తును ముందుగా పసిగట్టదు, తక్కువగా ఉన్నంత మాత్రాన భద్రతకు హామీ ఇవ్వదు.

12.9 కీలక పదాలు

ప్రీమియం: ఆప్షన్ హక్కు కోసం కొనేవారు చెల్లించే ధర.
స్ట్రైక్ ధర: హక్కును వినియోగించుకునేటప్పుడు కొనడానికి లేదా అమ్మడానికి ముందే నిర్ణయించిన ధర.
పుట్, కాల్: వరుసగా అమ్మే హక్కు, కొనే హక్కు.
విస్తృతి: క్రమవిచలనం వర్గం. కాలంతో సమానుపాతంలో పెరుగుతుంది.

12.10 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాల్లో జవాబు రాయండి.
1. ఇండియా విక్స్ లెక్కింపులోని మెట్లను వివరించి, పుట్‌లకు ఎక్కువ బరువు ఎందుకు వస్తుందో తెలపండి.
2. 2024 మే, జూన్ నెలల్లో ఇండియా విక్స్ కదలికలను కారణాలతో విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాల్లో జవాబు రాయండి.
1. వార్షిక సంఖ్యను నెలకు మార్చేటప్పుడు 12తో ఎందుకు భాగించకూడదు?
2. సంఘటన ముగిసిన తరువాత, దిశను సరిగా ఊహించిన ఆప్షన్ కొనుగోలుదారు కూడా ఎందుకు నష్టపోవచ్చు?
3. ఇండియా విక్స్ 18 వద్ద ఉంది. 21 వ్యాపార దినాల్లో ఒకటి బడ్జెట్ రోజు. మిగిలిన 20 రోజులకు సూచీ 15 అనుకుంటే, బడ్జెట్ రోజుకు ఇమిడి ఉన్న కదలిక ఎంత? (జవాబు: సుమారు 3 శాతం)